కపాల నాడుల వరుసకి మా అక్కా వాళ్ళ వీధి

ప్రశ్న: ఫిజియోథెరపీ ఫస్టియర్. పన్నెండు క్రేనియల్ నర్వ్స్ వరుస ఎంత బట్టీ పట్టినా వైవాలో 9, 10, 11 తారుమారైపోతున్నాయి. మెమరీ ప్యాలెస్ అని అందరూ అంటున్నారు, దానికి రూట్ ఎలా కట్టుకోవాలి? ఉండేది తిరుపతిలోనే.

జవాబు:

మెమరీ ప్యాలెస్ అంటే బాగా తెలిసిన దారిలో వరుసగా కొన్ని చోట్లు ఎంచుకుని, గుర్తుంచుకోవాల్సిన ఒక్కోదాన్నీ ఒక్కో చోట బొమ్మగా ఊహించుకోవడం. తిరుపతి అన్నారు కాబట్టి ముందుగా ఒక మాట. అలిపిరి మెట్ల దారిని మాత్రం రూట్‌గా పెట్టుకోకండి. ఈ పద్ధతి గురించి విన్న మన ఊరివాళ్ళకి మొదట తట్టేది అదే. పాదాల మండపం, గాలిగోపురం, మోకాళ్ళ మిట్ట ఎవరికైనా గుర్తుంటాయి, కాదనను. కానీ వాటి మధ్య ఉన్నదంతా మెట్లే. ఆరో చోటికీ ఏడో చోటికీ తేడా తెలియకపోతే అక్కడ పెట్టిన నాడులు కూడా కలిసిపోతాయి. పైగా ఆ దారిన మనం ఎప్పుడో ఒకసారి ఎక్కుతాం. రోజూ నడిచే దారి వేరు. కొత్తగా లేచిన లాడ్జీల వీధులు కూడా పనికిరావు. ఒకే రకం అద్దాలు, ఒకే రకం రిసెప్షన్, పేర్లు మాత్రం తేడా. పాత ఇళ్ళు పడగొట్టి ఊరంతా ఇలా చేసేశారని నాకు ఎప్పటినుంచో బాధ. మనిషి జ్ఞాపకానికి ఆనుకోవడానికి ఒక అరుగైనా ఉండాలి కదా.

నేను ఫిజియోథెరపిస్టుని. మా అక్క కూతురు కూడా ఇదే కోర్సులో చేరింది, మీలాగే మొదటి ఏడాదిలో ఈ వరుస దగ్గరే ఆగింది. వాళ్ళ కాలేజీలో తప్పు చెప్పినవాళ్ళతో పన్నెండు పేర్లూ వందసార్లు రాయించేవారు. వందసార్లు రాస్తే చెయ్యి నొప్పి పుడుతుంది గానీ వరుస నిలబడదు. ఇక అందరూ అప్పజెప్పే ఆ ఇంగ్లీషు వాక్యం, మొదటి అక్షరాలతో కట్టింది, అది ఇంకా దారుణం. అందులో 'ఓ'లు మూడు, 'టి'లు రెండు, 'ఎ'లు రెండు, 'వి'లు రెండు. పన్నెండిట్లో ఒక్కసారే వచ్చే అక్షరాలు ఎఫ్, జి, హెచ్ మాత్రమే. మిగతా తొమ్మిదిట్లో ఏ 'ఓ' ఏ నాడిదో మళ్ళీ విడిగా గుర్తుపెట్టుకోవాలి. అలాంటప్పుడు ఆ వాక్యం చేసిన సాయం ఏమిటి?

ఒక సాయంత్రం ఆ పిల్లని పుస్తకం ఇంట్లో పెట్టించి బయటికి తీసుకెళ్ళాను. అక్కా వాళ్ళిల్లు తీర్థకట్ట వీధికి దగ్గర్లో ఒక సందులో. ఇంటి గడప నుంచి మొదలుపెట్టి, వీధి చివర కొబ్బరికాయల అంగడి దాకా నడిచాం. మొదటి నడకలో నాడుల పేరే ఎత్తనివ్వలేదు. ఉత్త చోట్లే. "ఒకటి గడప, రెండు తులసికోట, మూడు నీళ్ళ మోటారు, నాలుగు గేటు, ఐదు ఆటోలు ఆగే మూల, ఆరు చిల్లర అంగడి, ఏడు టైలరు, ఎనిమిది ఇడ్లీ బండి, తొమ్మిది టీ కొట్టు, పది స్పీడ్ బ్రేకర్, పదకొండు మొబైల్ షాపు, పన్నెండు కొబ్బరికాయలు." ఇంటికొచ్చాక కళ్ళు మూసుకుని ముందుకీ వెనక్కీ చెప్పమన్నాను. వెనక్కి వస్తూ ఇడ్లీ బండి దగ్గర తడబడింది. అంటే ఆ చోటు ఇంకా గట్టిపడలేదన్నమాట. చాలామంది ఈ ఖాళీ నడక మానేసి మొదటిరోజే బొమ్మలు పెట్టేస్తారు. ఆ తర్వాత ఏది మరిచిపోయారో, చోటునా బొమ్మనా అన్నది వాళ్ళకే తెలియదు.

రెండో నడకలో బొమ్మలు పెట్టాం. ఒక్కో బొమ్మ రెండు పనులు చెయ్యాలి. పేరు చెవిలో మోగాలి, నాడి చేసే పని కంటికి కనబడాలి. ఆల్ఫ్యాక్టరీకి గడప మీద ఊదొత్తుల ఫ్యాక్టరీ, పొగ నేరుగా ముక్కులోకి. ఆప్టిక్‌కి తులసికోటకి ఆప్టికల్స్ షాపులో కొన్న పెద్ద కళ్ళజోడు. ఆక్యులోమోటార్‌కి ఆ నీళ్ళ మోటారే సరిపోయింది. దాని మీద ఒక కన్ను, మోటారు తిరిగితే రెప్ప షట్టర్‌లా పైకి లేస్తుంది. కనురెప్పని ఎత్తేది ఆ నాడే మరి. ట్రాక్లియర్‌కి గేటు దగ్గర ఒక ట్రాక్టర్ నిలబెట్టి, గేటుకి కట్టిన గిలక మీదుగా తాడుతో కంటిగుడ్డుని లాగించాం. ఆ నాడి కదిలించే కండరం చివర ఉండే తాడు లాంటి టెండన్ కంటి గూటి మూలలో ఒక చిన్న గిలకలోంచే వెళుతుంది. ఐదుకి ఆటో. మూడు చక్రాలు, ట్రైజెమినల్‌కి మూడు శాఖలు. ముందు చక్రం మీద నుదురు, వెనక ఒకదాని మీద చెంప, ఇంకోదాని మీద దవడ, ఆ దవడ గట్టిగా చెరుకు నములుతోంది. ఆరో చోట అంగడాయన "అబ్బా, ఈ డ్యూసు ఎప్పుడు కడతావ్?" అని అరుస్తుంటే బాకీ ఉన్నవాడి కన్ను పక్కకి, బయటివైపుకి జారుకుంటుంది. అబ్డ్యూసెన్స్ చేసే పని కూడా అదే, కంటిని బయటివైపుకి తిప్పడం. టైలరు బొమ్మకి ఫేషియల్ చేశాం, సగం ముఖం జారిపోయింది, నుదుటితో సహా. ఇడ్లీ బండి అబ్బాయి ఉత్త వెస్ట్ వేసుకుని కోక్ సీసా చెవికి ఆనించుకుని గిర్రున తిరిగి పడిపోతాడు. వెస్టిబ్యులోకాక్లియర్‌కి వినికిడీ కావాలి, బ్యాలెన్సూ కావాలి.

ఇప్పుడు మీ తంటా దగ్గరికి వస్తున్నాను. 9, 10, 11 తారుమారు కావడానికి కారణం ఉంది. ఆ మూడూ పుర్రెలోంచి జుగులర్ ఫొరామెన్ అనే ఒకే రంధ్రం గుండా బయటికి వస్తాయి. అనాటమీ పుస్తకంలో ఆ బొమ్మని మీరు ఎన్నోసార్లు చూసి ఉంటారు, మూడూ ఒక కట్టగా. కట్టగా చదివినవి కట్టగానే గుర్తొస్తాయి, లోపలి వరుస రాదు. కాబట్టి రూట్‌లో వీటిని విడదీయాలి. ఒక చోట నిలబడితే ఇంకోటి కనబడేంత దగ్గరగా ఈ మూడు చోట్లూ ఉండకూడదు.

తొమ్మిదోది తేలిక. టీ కొట్టు దగ్గర ఒక ఫారినర్, గ్లాసు గొంతులో ఇరుక్కుని చేదు మొహం పెట్టాడు. గ్లాసు, ఫారిన్. గ్లాసోఫారింజియల్. నాలుక వెనక మూడో భాగం రుచి దీనిదే, గొంతులో స్పర్శ కూడా దీనిదే.

పదోది వేగస్. ఆ పిల్ల చటుక్కున "వేగం మామా, ఒక బైకు రయ్యిన పోతోంది" అంది. బొమ్మ బాగుంది, రోడ్డు మీదే ఉంది, పేరు మోగుతోంది. సరే అన్నాను. నాలుగు రోజుల తర్వాత ఊరికే అడిగాను, "వేగస్ గుండెని ఏం చేస్తుంది పాపా?" అని. "కొట్టుకునే వేగం పెంచుతుంది" అంది, ఏ మాత్రం తడుముకోకుండా. పుస్తకంలో తగ్గిస్తుందని చదివింది, అండర్‌లైన్ కూడా చేసుకుంది. అయినా బైకు గెలిచింది. బొమ్మకి అంత బలం ఉంటుంది, తప్పు చెప్పే బొమ్మకి కూడా. అప్పుడు మళ్ళీ వీధిలోకి వెళ్ళి అదే చోట అదే బైకుని స్పీడ్ బ్రేకర్ ఎక్కించాం. బైకు దడేల్‌మని ఎగిరి నెమ్మదిస్తుంది, నడిపేవాడి గుండె కూడా నెమ్మదిస్తుంది, ఆ కుదుపు మెడ నుంచి ఛాతీ మీదుగా కడుపు దాకా దిగుతుంది. వేగస్ నడిచే దారి కూడా అదే, మెడ, ఛాతీ, కడుపు. పాత బొమ్మని తుడిచెయ్యడానికి ప్రయత్నించొద్దు, అది పోదు. దానికే తర్వాతి సంగతి అతికించండి. అదే బైకు, ఈసారి బ్రేకర్ మీద.

పదకొండు, మొబైల్ షాపు. బోర్డు మీద 'యాక్సెసరీస్' అని రాసే ఉంది, పేరు కోసం వెతుక్కునే పనే లేదు. లోపల ఒకాయన రెండు చేతుల్లో కవర్లు పట్టుకుని, ఫోన్‌ని చెవికీ భుజానికీ మధ్య నొక్కిపెట్టి మాట్లాడుతున్నాడు. భుజం ఎగరేసేది ట్రెపీజియస్, మెడ తిప్పేది స్టెర్నోక్లిడోమాస్టాయిడ్, ఆ రెండు కండరాలూ ఈ నాడి కిందివే. రేపు పేషంట్‌ని పరీక్షించేటప్పుడు కూడా మీరు చేయించేది ఇదే: మా చెయ్యి నొక్కుతుంటే భుజాలు పైకెత్తండి, మెడ పక్కకి తిప్పండి అని.

పన్నెండో దగ్గర మాత్రం జాగ్రత్త. హైపోగ్లాసల్‌లో కూడా 'గ్లాస్' వినబడుతుంది. అక్కడ మళ్ళీ గ్లాసు పెడితే తొమ్మిదితో కలిసిపోతుంది. అందుకే పేరులో ముందు భాగం పట్టుకున్నాం. ఒక హిప్పో ఇంత నాలుక బయటపెట్టి కొబ్బరికాయలు నాకుతోంది, నాలుక ఒక పక్కకి వంకరపోయింది. ఈ నాడి దెబ్బతింటే చాపిన నాలుక దెబ్బతిన్న వైపుకే తిరుగుతుంది కాబట్టి ఆ వంకర కూడా ఉపయోగపడింది. ముందు ఇది కోవెల దగ్గర పెడదామని అనుకున్నాం, అక్క ఒప్పుకోలేదు. నాకూ అక్కే కరెక్టనిపించింది. దణ్ణం పెట్టుకునే చోట హిప్పో గుర్తొస్తే మనసుకి బాగుండదు.

ఇప్పుడు వైవా సంగతి. అక్కడ మొదటి నుంచి ఎవరూ అప్పజెప్పమనరు, "తొమ్మిదోది ఏది?" అని మధ్యలోంచి అడుగుతారు. గడప దగ్గర నుంచి లెక్కపెట్టుకుంటూ వస్తే టెన్షన్‌లో ఒకటి జారుతుంది. అందుకే ఐదునీ పదినీ గుర్తులుగా పెట్టుకోవాలి. మా రూట్‌లో ఆటో ఐదు, స్పీడ్ బ్రేకర్ పది. తొమ్మిది అడిగితే బ్రేకర్ నుంచి ఒక అడుగు వెనక్కి, టీ కొట్టు. ఏడు అడిగితే ఆటో నుంచి రెండు ముందుకి, టైలరు. మొదటి రోజు రాత్రి, మర్నాడు, మూడు రోజులాగి, వారానికి ఒకసారి మనసులో నడవండి. ఒకసారి ముందుకి నడిస్తే ఇంకోసారి వెనక్కి.

ఎక్కడైనా ఆగిపోతే ఏది పాడైందో చూసుకోండి. చోటు గుర్తొచ్చి బొమ్మ రాకపోతే ఆ బొమ్మ అక్కడ ఏ పనీ చెయ్యకుండా ఊరికే కూర్చుందన్నమాట, దానికి ఏదైనా పని పెట్టండి, పగలాలి, ఒలకాలి, నమలాలి. బొమ్మ వచ్చి పేరు రాకపోతే శబ్దం సరిగ్గా కుదరలేదు, పేరులోని ఇంకో ముక్క పట్టుకోండి. చోటే రాకపోతే వీధిలోకి వెళ్ళి నిజంగా నడిచి రండి, ఇంట్లో కూర్చుంటే అది బాగుపడదు. ఆ టైలరు అంగడి తర్వాత మూసేశారు, అక్కడ ఇప్పుడు జెరాక్స్ షాపు ఉంది. మా అమ్మాయి రూట్‌లో మాత్రం టైలరే ఉన్నాడు, ఉండనివ్వమన్నాను.

ఒక పరిమితి చెప్పాలి. ఈ దారి పేరునీ వరుసనీ ముఖ్యమైన ఒక పనినీ మోస్తుంది, అంతే. ఏ నాడి ఏ రంధ్రంలోంచి వస్తుంది, దాని న్యూక్లియస్ ఎక్కడుంది అన్నవన్నీ ఇదే బొమ్మల మీదికి ఎక్కిస్తే అసలు వరుస కూడా కూలిపోతుంది. వాటిని బొమ్మలు గీసుకుంటూ మామూలుగా చదవాలి. మణికట్టు ఎముకల ఎనిమిదింటినీ కూడా ఇదే వీధిలో పెట్టకండి. టీ కొట్టు దగ్గర స్కేఫాయిడ్ కనబడితే రెండు జాబితాలూ పాడవుతాయి. వాటికి మీ ఇంటి లోపలే వంటగది నుంచి డాబా దాకా ఇంకో దారి కట్టుకోండి, ఎనిమిది చోట్లు చాలు.