వరదలో మునిగిన కారుని ఎలా గుర్తుపట్టాలి?

"పాలకొల్లులో 2017 కారు చూశాను, రేటు బాగా తక్కువ. వరదలో మునిగిందేమో ఎలా తెలుస్తుంది? ఇన్సూరెన్స్ ఇస్తారా?"

ముందు సీటు బెల్టు చివరిదాకా లాగి చూడండి. సీట్లు కడుగుతారు, కవర్లు మారుస్తారు కానీ లోపల చుట్టుకుని ఉండే ఆ చివరి జానెడు బెల్టుని ఎవరూ పట్టించుకోరు, నీళ్లు అక్కడిదాకా వస్తే ఒండ్రు మరక అలాగే ఉంటుంది. 2022 జులై వరద తర్వాత అమలాపురం దగ్గర నేను చూసిన కారు పైకి మెరిసిపోతోంది, బెల్టు లాగితే గోధుమరంగు గీత, డ్రైవర్ సీటు కింద కార్పెట్ ఎత్తితే బోల్టులకు తుప్పు, వైర్ల కనెక్టర్‌లో ఎండిన మట్టి. వద్దని వచ్చేశాను.

థర్డ్ పార్టీ పాలసీ దొరుకుతుంది, టెన్షన్ అక్కడ కాదు. పూర్తి పాలసీ ఉన్నా, రేపు వైరింగ్ చెడిపోతే అది పాత తుప్పు వల్లేనని ఇన్సూరెన్స్ సర్వేయర్ తేలిస్తే క్లెయిమ్ రాదు.

అందుకే అమ్మేవాళ్ల పాత పాలసీలు అడగండి. ఐదేళ్లు క్లెయిమ్ లేకపోతే నో క్లెయిమ్ బోనస్ అనే ప్రీమియం తగ్గింపు 50 శాతం ఉండాలి. ఒక ఏడాది హఠాత్తుగా సున్నా అయిందంటే క్లెయిమ్ తీసుకుని ఉండొచ్చు, లేదా పాలసీ మధ్యలో ఆగి ఉండొచ్చు, ఈ రెండిట్లో ఏదన్నది అడిగి తేల్చుకోండి. అది వరద ఏడాదైతే ఆ రిపేరు బిల్లు చూపించమనండి, చూపించకపోతే కొనకండి.