హాట్ ఎయిర్ బెలూన్‌ను పైలట్ ఎలా మళ్లిస్తాడు?

మాది అనంతపురం. బెలూన్‌కు స్టీరింగ్ లేదు, రెక్కల్లేవు. మరి ఎలా లేస్తుంది, ఎలా మళ్లుతుంది?

వేడెక్కిన గాలి వ్యాకోచించి తేలికవుతుంది. తెల్లవారుజామున మన ఊళ్లో 25 డిగ్రీలుందనుకుందాం. బెలూన్‌లోని గాలిని 100 డిగ్రీలకు వేడిచేస్తే ఒక్కో ఘనమీటరు సుమారు 230 గ్రాముల బరువు ఎత్తగలదు. 2,800 ఘనమీటర్ల బెలూన్ అయితే 640 కిలోలు. గుడ్డ, బుట్ట, బర్నరు, గ్యాస్ సిలిండర్లకే 350 కిలోల దాకా పోతే, మిగిలింది నలుగురికి సరిపోతుంది. అదే మధ్యాహ్నం 35 డిగ్రీల ఎండలో వంద కిలోలు తగ్గిపోతుంది, అంటే ఒకరిద్దరు దిగాల్సిందే.

ఇక మళ్లించడం. నాకు బాగా నచ్చే భాగం ఇదే. గాలి అన్ని ఎత్తుల్లో ఒకే దిక్కుకు వీచదు. మన అర్ధగోళంలో పైకి వెళ్లి నేల రాపిడి తగ్గేకొద్దీ గాలి సాధారణంగా కుడికి తిరుగుతుంది. కింద పడమరకు పోతున్న బెలూన్, 300 మీటర్లు ఎక్కితే వాయవ్యానికి మళ్లవచ్చు. అందుకే ఎగిరే ముందు పైలట్ చిన్న హీలియం బుడగ వదిలి, అది ఏ ఎత్తులో ఎటు మళ్లిందో చూస్తాడు. తర్వాత తనకు కావాల్సిన దిక్కుకు గాలి వీచే ఎత్తుకు చేరతాడు: ఎక్కడానికి బర్నరు, దిగడానికి వేడిగాలిని బయటికి వదిలే పైనున్న వెంట్. బర్నరు మండించినా బెలూన్ కొన్ని సెకన్లు ఆలస్యంగా స్పందిస్తుంది కాబట్టి ముందే మంట పెట్టాలి.

అన్ని ఎత్తుల్లో గాలి ఒకవైపే ఉంటే మాత్రం వెనక్కి రాలేరు. అందుకే కింద జీపు వెంబడిస్తూ ఉంటుంది.