బెంగళూరులో బంగాళాదుంపలు, మొక్కజొన్న: ఉడికించాలా, ఆవిరా, కుక్కరా?

ప్రశ్న: చెన్నై నుంచి బెంగళూరు వచ్చాం. గిన్నెలో బంగాళాదుంపలు ఉడకడానికి ఇంతసేపు ఎందుకు పడుతోంది? ఆవిరి మేలా, కుక్కర్ మేలా?

బెంగళూరు సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తులో ఉంది. ఇక్కడ నీళ్లు 97 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. మంట పెంచినా వేడి పెరగదు, నీళ్లే ఇగిరిపోతాయి. ఆవిరి కూడా అంతే వేడి కాబట్టి ఇడ్లీ పాత్రలో పెడితే టైం కలిసిరాదు. కుక్కర్‌లో ఒత్తిడి వల్ల వేడి 115 డిగ్రీలు దాటుతుంది, తేడా అక్కడుంది.

మా ఇంట్లో మధ్యరకం దుంపలు తొక్కతో గిన్నెలో అరగంట, ఆవిరిలో ఇంకో ఐదు నిమిషాలు ఎక్కువ పడతాయి. కుక్కర్‌లో మూడు విజిళ్లు, ఆవిరి దానంతటదే దిగాక తీస్తాను. పూరీ కూరకు ఇదే మంచిది, మెత్తగా చిదుముకోవచ్చు. వేపుడుకు మాత్రం వద్దు. పైపొర చితికి, లోపల ఇంకా గట్టిగా ఉండొచ్చు. వేపుడుకైతే ముక్కలు కోసి ఆవిరి పట్టండి, నీళ్లు పీల్చవు, అంచులు నిలుస్తాయి. కత్తి గుచ్చితే సులువుగా దిగాలి, ముక్క విరగకూడదు.

స్వీట్ కార్న్‌కు కుక్కర్ అక్కర్లేదు. ఎనిమిది నిమిషాల ఆవిరి చాలు, తీపి నీళ్లలోకి పోదు. ముదిరిన నాటు కంకులకే కుక్కర్ కావాలి, ఐదారు విజిళ్లు రానివ్వండి.