టెక్సస్‌లో రెండో తరగతా, మూడో తరగతా?

చిరంజీవి సౌభాగ్యవతి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

హైదరాబాదులో రెండో తరగతి పూర్తిచేసిన పాపను డాలస్‌లో ఈ ఆగస్టున మళ్ళీ రెండో తరగతిలోనే చేర్చుకుంటామన్నారని నువ్వు బాధపడుతూ రాసిన ఉత్తరం చదివాను. వాళ్ళు పాప చదువును తక్కువగా చూశారని అనుకోవద్దు. పుట్టిన తేదీని బట్టి లెక్క కట్టారు, అంతే. ఆ లెక్క తెలిస్తే బడివారిని ఏమడగాలో నీకు స్పష్టపడుతుంది.

టెక్సస్‌లో సెప్టెంబరు 1 నాటికి అయిదేళ్ళు నిండిన పిల్లలు ఆ విద్యాసంవత్సరంలో కిండర్‌గార్టెన్‌కు వెళ్తారు. మన పాప పుట్టింది 2018 సెప్టెంబరు 15న కాబట్టి, 2023లో రెండు వారాల తేడాతో ఆ గడువు దాటిపోయింది. అక్కడే పుట్టి పెరిగి ఉంటే 2024లో కిండర్‌గార్టెన్‌లోనూ, 2025లో ఒకటో తరగతిలోనూ, 2026లో రెండో తరగతిలోనూ ఉండేది. మీరేమో హైదరాబాదులో 2024 జూన్‌లో, అయిదేళ్ళ తొమ్మిది నెలలకే, ఒకటో తరగతిలో వేశారు. మన ఊళ్ళలో అయిదు నిండితే ఒకటో తరగతి అన్నది పాత అలవాటు. కేంద్రీయ విద్యాలయాల్లో అయితే మార్చి 31 నాటికి ఆరేళ్ళు నిండాలంటారు కనుక అక్కడ కూడా పాపకు 2024లో సీటు వచ్చేది కాదు. అంటే పాప టెక్సస్‌లో ఒక ఏడాది వెనకబడడం లేదు, ఇక్కడ కాస్త ముందుగా మొదలుపెట్టింది.

రెండో తరగతిలో చేరితే పాప అందరికంటే పెద్దపిల్లల్లో ఒకతె అవుతుంది. మూడులో చేరితే తరగతి మొత్తానికీ చిన్నది అవుతుంది, పైగా టెక్సస్‌లో రాష్ట్రస్థాయి పరీక్షలు మొదలయ్యేది ఆ తరగతి నుంచే. మూడో తరగతి కావాలని మీరు గట్టిగా అనుకుంటే, బడివారితో వాదించడం కంటే రాష్ట్ర నిబంధనల్లోనే ఉన్న మార్గం పట్టండి. ఒకటి నుంచి అయిదో తరగతి వరకు ఒక తరగతి దాటడానికి, ఆ ప్రాంతపు ప్రభుత్వ బడులను నడిపే స్కూల్ డిస్ట్రిక్ట్ ఒక పరీక్ష పెడుతుంది. దాటదలచిన తరగతి పాఠాల మీద ఇంగ్లీషు, లెక్కలు, సైన్సు, సోషల్ స్టడీస్ నాలుగింటిలోనూ విడివిడిగా 80 శాతం రావాలి. ఆపైన డిస్ట్రిక్ట్ తరఫు ప్రతినిధి సిఫారసు చేయాలి, మీరు రాతపూర్వకంగా అంగీకరించాలి. పరీక్షలు ఎప్పుడు జరుగుతాయో, దరఖాస్తు గడువు ఏదో బడి కౌన్సెలర్‌ను ఇప్పుడే ఈమెయిల్‌లో అడగండి, ఎందుకంటే గడువు దాటితే తరువాతి విడత దాకా ఆగవలసి వస్తుంది.

పాపకు ఎక్కాలు బాగా వచ్చునని రాశావు. సంతోషమే, కానీ మన పిల్లలు ఈ పరీక్షలో ఆగిపోయేది లెక్కల దగ్గర కాదు. సోషల్ స్టడీస్‌లో అమెరికా చరిత్ర, టెక్సస్ విషయాలు, స్థానిక ప్రభుత్వం గురించి అడుగుతారు. ఇక్కడి పుస్తకాల్లో అవేవీ ఉండవు. లెక్కల్లో కూడా అంగుళాలు, అడుగులు, డైము, క్వార్టరు అనే అక్కడి నాణేలు కొత్తగా నేర్చుకోవలసిందే. ఇంగ్లీషులో చిన్న కథ చదివి సొంత మాటల్లో ఒక పేరా రాయగలగాలి. ప్రశ్న జవాబులు కంఠతా పట్టి మంచి మార్కులు తెచ్చుకున్న పిల్లలు తడబడేది ఇక్కడే. ఒక ఆదివారం పాప ఎన్నడూ చూడని కథ ఒకటి చదవనిచ్చి, నువ్వు సాయం చేయకుండా, ఆ కథలోని పిల్లవాడు అలా ఎందుకు చేశాడో రాయమను. ఆ కాగితం చూస్తే ప్రోగ్రెస్ కార్డుకంటే ఎక్కువ తెలుస్తుంది.

నా అభిప్రాయం అడిగావు కనుక చెబుతున్నాను. ఈ ఏడాది రెండో తరగతిలోనే చేర్చండి. మొదటి తొమ్మిది వారాలు గడిచాక టీచరుతో మాట్లాడండి. పాప చదువులో ముందుండి, తనకంటే పెద్ద పిల్లలతో కూడా కలివిడిగా ఉంటే అప్పుడు పరీక్షకు కట్టండి. కొత్త ఊరు, కొత్త ఉచ్చారణ, కొత్త స్నేహాలు ఒకేసారి మీద పడినప్పుడు తరగతి కూడా పెంచడం నాకు ఇష్టం లేదు. పాప తొమ్మిదో తరగతి పిల్ల అయి ఉంటే ఇలా చెప్పేవాణ్ణి కాదు. అక్కడ వయసు కన్నా, ఇక్కడి మార్కులకు హైస్కూలు పూర్తిచేయడానికి లెక్కలోకి వచ్చే క్రెడిట్లు ఎన్ని ఇస్తారన్నదే ముఖ్యం.

చేరేటప్పుడు ఇంట్లో ఏ భాష మాట్లాడతారని ఒక ఫారంలో అడుగుతారు. తెలుగు అని రాస్తే తరగతి తగ్గిస్తారన్న భయంతో కొందరు ఇంగ్లీషు అని రాస్తారు. మీరు నిజమే రాయండి. నాలుగు వారాల్లోపు ఇంగ్లీషు పరీక్ష పెట్టి, అవసరమైతే భాషలో సాయం చేస్తారు. తరగతికీ దానికీ సంబంధం లేదు.

ఒకవేళ అల్లుడుగారి ఉద్యోగం న్యూయార్క్ నగరానికి మారితే ముందే నాకు చెప్పండి. అక్కడ లెక్క పుట్టిన క్యాలెండరు సంవత్సరాన్ని బట్టి ఉంటుంది కనుక, ఇదే పాప ఇదే సంవత్సరం మూడో తరగతిలో ఉంటుంది.

బయలుదేరే ముందు ఇక్కడి బడి నుంచి టీసీ, రెండేళ్ళ ప్రోగ్రెస్ కార్డులు తీసుకోండి. టీసీలో రెండో తరగతి ఉత్తీర్ణురాలైనట్టు, పుట్టిన తేదీ బర్త్ సర్టిఫికెట్‌తో సరిపోయేట్టు ఉందో లేదో అక్కడే నిలబడి చూసుకోండి. టీకాల కార్డు కూడా చేతిసంచిలోనే పెట్టుకోండి. వాటి నకళ్ళు నాకు పంపితే ఒకసారి చూసి చెబుతాను.

ఇట్లు,
మీ పెదనాన్న