డబ్బు కట్ అయింది, టికెట్ రాలేదు: ఎవరిని అడగాలి?

ప్రశ్న: ఈ నెల 6న రాత్రి విశాఖపట్నానికి రైలు టికెట్ కోసం యూపీఐలో రూ.2,140 కట్టాను. ఖాతాలో డబ్బు కట్ అయింది, పీఎన్ఆర్ మాత్రం రాలేదు. మూడు రోజులైంది. రైల్వే వాళ్లను అడగాలా, బ్యాంకునా?

జవాబు: మళ్లీ టికెట్ కొనే ముందు ఐఆర్‌సీటీసీ ఖాతాలో Booked Ticket History ఒకసారి చూడండి. కొన్నిసార్లు టికెట్ బుక్ అయినా తెర మీదికి రాదు. తెలియక ఇంకోటి కొంటే, ఒకదాన్ని రద్దు చేసుకుని ఛార్జీలు భరించాలి. అక్కడ లేకపోతే Failed Transaction History తెరిచి, ట్రాన్సాక్షన్ ఐడీ రాసుకోండి. యూపీఐ యాప్‌లో ఆ చెల్లింపు కింద 12 అంకెల యూటీఆర్ నంబరు ఉంటుంది, అదీ రాసుకోండి. ఎవరిని అడిగినా ముందు కావాల్సింది ఈ రెండే.

డబ్బు ఆగేది రెండు చోట్ల. మీ బ్యాంకు డబ్బు తీసుకున్నా, అందినట్టు సమాచారం ఐఆర్‌సీటీసీకి చేరకపోవచ్చు. 2019 సెప్టెంబరు నాటి రిజర్వ్ బ్యాంకు ఆదేశం వర్తించేది ఇక్కడే. లావాదేవీ జరిగిన రోజు కాక మరో 5 రోజుల్లోగా డబ్బు దానంతట అదే వెనక్కి రావాలి, దాటితే రోజుకు రూ.100 పరిహారం. ఇందులో సెలవు దినాలూ లెక్కలోకి వస్తాయి. మీ గడువు 11వ తేదీ. డబ్బు 15న పడితే 4 రోజులకు రూ.400 రావాలి, అదీ మీరు అడగకుండానే. రాకపోతే బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో జవాబు లేకపోతే cms.rbi.org.in లో అంబుడ్స్‌మన్‌కు వెళ్లవచ్చు.

రెండోది, డబ్బు ఐఆర్‌సీటీసీకి అందింది కానీ ఆలోపు సీట్లు అయిపోయాయి, లేదా సెషన్ ముగిసింది. అప్పుడు తిరిగి పంపాల్సింది వాళ్లే. బ్యాంకు చుట్టూ తిరిగినా లాభం ఉండదు, ఎందుకంటే బ్యాంకు లెక్కలో చెల్లింపు పూర్తయింది. రోజుకు రూ.100 పరిహారం లెక్కను ఇక్కడ నమ్ముకోకండి. ట్రాన్సాక్షన్ ఐడీ ఇచ్చి 14646కు ఫోన్ చేయండి, రిఫండ్ ఏ తేదీన పంపారో, దాని రిఫరెన్స్ నంబరు ఎంతో అడగండి.

చాలామంది పొరబడేది ఇక్కడే. ఇలాంటి రిఫండ్ కొత్త జమగా, వేరే నంబరుతో వస్తుంది. యాప్‌లో పాత చెల్లింపు మాత్రం ‘సక్సెస్’ అనే ఉంటుంది. అది చూసి రిఫండ్ రాలేదనుకోకుండా, 6వ తేదీ నుంచి బ్యాంకు స్టేట్‌మెంట్‌లో జమల వరుసలో రూ.2,140 వెతకండి. టికెట్టే పుట్టలేదు కాబట్టి కన్వీనియన్స్ ఫీజుతో సహా పూర్తి మొత్తం రావాలి. తక్కువ పడితే, అది రద్దయిన టికెట్ తాలూకు రిఫండేమో చూసుకోండి.

బస్సు టికెట్టుకైనా ఇదే వరస, ఫిర్యాదు మాత్రం మీరు డబ్బు కట్టిన యాప్‌కే చేయాలి. కస్టమర్ కేర్ నంబరును గూగుల్‌లో వెతకకండి, ఆ యాప్‌లోనే తీసుకోండి. రిఫండ్ కోసం యూపీఐ పిన్ కొట్టమన్నారంటే వెంటనే ఫోన్ పెట్టేయండి. డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు.