పులుపు నేలలో వేరుశనగకు మాలిబ్డినం: విత్తనానికా, నేలకా?

"అన్నా, మాది ఎర్ర నేల, పరీక్షలో pH 5.3 వచ్చింది. ఏటా వేరుశనగ నెల దాటేసరికి పాలిపోతోంది, వేర్లకు బుడిపెలు మాత్రం ఉంటున్నాయి. మాలిబ్డినం వేయమన్నారు. విత్తనానికి పట్టించాలా, దుక్కిలో చల్లాలా?"

విత్తనానికే పట్టించండి. మాదీ విజయనగరం వైపు ఎర్ర నేలే, వర్షాధారం. నేను చేసేది కూడా అదే.

జింకు, మాంగనీసు లాంటివి నేల పులిసేకొద్దీ మొక్కకు ఎక్కువగా దొరుకుతాయి. మాలిబ్డినం మాత్రం దీనికి ఉల్టా. మన నేలకు ఎర్ర రంగునిచ్చే ఇనుప ఆక్సైడ్లే పులుపు పెరిగేకొద్దీ దాన్ని గట్టిగా పట్టేసుకుంటాయి. అంటే దుక్కిలో చల్లినదాంట్లో చాలాభాగం వేరుకి చేరకముందే మట్టికి అంటుకుపోతుంది. విత్తనానికి పట్టిస్తే మొలకకు మొదటి రోజు నుంచే అందుతుంది, నేలతో పోటీ పడాల్సిన పని తక్కువ.

ఇంకో ఇబ్బంది సమంగా పడకపోవడం. నేలకు వేసే మోతాదు ఎకరాకు సుమారు 200 గ్రాముల సోడియం మాలిబ్డేట్. చదరపు మీటరుకు గ్రాములో ఇరవయ్యో వంతు! 20 కిలోల పొడి ఇసుకలో ఎంత కలిపినా చేత్తో చల్లితే ఒకచోట పడుతుంది, ఒకచోట పడదు. మా పక్క చేలో ఇలా చల్లిన ఏడాది పైరు మచ్చలు మచ్చలుగా మాత్రమే ఆకుపచ్చబడింది.

ఎకరాకు 60 కిలోల గింజలు అనుకుందాం. కిలోకు 1 గ్రాము చొప్పున 60 గ్రాముల అమ్మోనియం మాలిబ్డేట్ సరిపోతుంది. దాన్ని అర లీటరు నీళ్లలో పూర్తిగా కరిగించండి. గింజలను పట్టా మీద పోసి, ఆ నీళ్లు కొంచెం కొంచెం చిలకరిస్తూ అరచేతులతో మెల్లగా దొర్లించండి. వేరుశనగ పై పొర తడిస్తే ఊడిపోతుంది, పొర ఊడిన గింజ మట్టిలో కుళ్లుతుంది. అందుకే నీళ్లు ఎక్కువ పోయకూడదు, గట్టిగా రుద్దకూడదు. తర్వాత నీడలో ఆరబెట్టండి. తెగులు మందు పట్టించేది ఉంటే అదీ ముందే ముగించాలి. రైజోబియం అన్నిటికన్నా ఆఖరున, విత్తే ముందు పట్టించి ఆ పూటే విత్తేయాలి. మాలిబ్డేట్ ద్రావణంలోనే రైజోబియం పొడి కలిపితే ఆ ఉప్పుకి బ్యాక్టీరియా చచ్చిపోతుంది. సోడియం మాలిబ్డేట్‌తో ఈ బెడద మరీ ఎక్కువ, అందుకే విత్తనానికి నేను అమ్మోనియం మాలిబ్డేట్ వాడతాను. మందు పట్టించిన గింజ మిగిలితే ఎవరూ తినకుండా, పశువులకు పెట్టకుండా చూడండి.

అయితే ముందు అసలు లోపం ఇదేనా అని తేల్చుకోండి. మామూలు నేల పరీక్షలో మాలిబ్డినం చూడరు, కాబట్టి మొక్కనే అడగాలి. నెల పైరులో నాలుగైదు మొక్కలను పీకకుండా, పారతో మట్టిగడ్డతో సహా తవ్వి, నీళ్లలో ముంచి మట్టి కడగండి. బుడిపెను గోరుతో చీల్చితే లోపల రక్తం కలిసినట్టు గులాబీ రంగు ఉంటే అది నత్రజని పట్టుకుంటోందని అర్థం. బుడిపెలు చాలా ఉండి, చిన్నగా, లోపల తెల్లగానో ఆకుపచ్చగానో ఉంటే మాలిబ్డినం మీద అనుమానం పెట్టుకోవచ్చు. బుడిపెలోని రైజోబియం బ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని మార్చే ఎంజైమ్ గుండెలోనే మాలిబ్డినం ఉంటుంది, అది లేకపోతే బుడిపె ఉండీ పనిచేయదు. అసలు బుడిపెలే లేకుండా, వేర్లు పొట్టిగా, లావుగా, మొద్దుగా ఉంటే మాత్రం అది అల్యూమినియం దెబ్బ. దానికి మాలిబ్డేట్ ఎంత పట్టించినా పని జరగదు, సున్నమే వేయాలి.

సున్నం మాట వచ్చింది కాబట్టి, చాలామంది జిప్సం వేశాం కదా, అదే సరిపోతుంది అంటుంటారు. ఊడలు దిగే వేళ ఎకరాకు వేసే 200 కిలోల జిప్సం కాయ నిండడానికి కావాల్సిందే, మానకండి. కానీ అది నేల పులుపును తగ్గించదు. పైగా దాంట్లోని సల్ఫేట్ వేరు దగ్గర మాలిబ్డినంతో పోటీ పడుతుంది. పులుపు తగ్గించేది వ్యవసాయ సున్నం. పరీక్షా కేంద్రంలో మీ నేలకు ఎంత కావాలో అడిగి, విత్తడానికి రెండు మూడు వారాల ముందు దుక్కిలో కలపండి. pH 6 దాటిందంటే నేలలో ఇరుక్కున్న మాలిబ్డినమే విడుదలవుతుంది, చాలా చేలల్లో ఇక విడిగా పట్టించాల్సిన పని ఉండదు. ఖర్చు భరించగలిగితే నా ఓటు దీనికే. ఈ ఏడు కుదరకపోతే విత్తనశుద్ధితో నెట్టుకు రండి.

నేలకు వేయడం ఎప్పుడూ పనికిరాదని కాదు. ఏళ్లపాటు నిలిచే పప్పుజాతి పశుగ్రాసం వేసుకున్న చోట, సూపర్ ఫాస్ఫేట్‌తో బాగా కలిపి కొన్నేళ్లకు ఒక్కసారి వేయడం మేలు. ఏటా మాత్రం చల్లకండి. మేతలో మాలిబ్డినం ఎక్కువైతే పశువు ఒంట్లో రాగి పనిచేయక పారుకుంటాయి, వెంట్రుకల రంగు మారుతుంది. కాయ కోసుకున్నాక మీ పశువులు తినేది ఆ తీగే కదా.

ఈసారి చేలో ఓ నాలుగు సాళ్లు పట్టించని గింజతో వేసి, గుర్తుకి కర్ర పాతండి. నెలకి రెండు వైపులా తవ్వి బుడిపెలు చీల్చి చూసి, ఏం కనిపించిందో ఇక్కడ రాయండి. రెండు వైపులా ఒకేలా ఉంటే వచ్చే ఏడు ఈ ఖర్చు మానేయొచ్చు.