పైన పొడవాటి విక్ కనిపించింది, ఇప్పుడు అమ్మాలా?

ప్రశ్న: సార్, ఒక షేరు ఇంతకుముందు రెండుసార్లు 500 దగ్గర ఆగి వెనక్కి వచ్చింది. నిన్న ఆ లెవెల్ దాటగానే బ్రేకౌట్ అనుకుని 506కి 150 షేర్లు కొన్నాను. 492లో మొదలై 511 దాకా వెళ్లి, చివరికి 493లో ముగిసింది. కనిష్ఠం 490. షూటింగ్ స్టార్ పడింది, అమ్మేసి షార్ట్ చెయ్యమంటున్నాడు మా ఫ్రెండ్. పోయిన నెల ఇలాంటి క్యాండిలే చూసి ఇంకో షేరు అమ్మేస్తే అది పెరిగింది. ఏం చెయ్యాలో తెలియక టెన్షన్‌గా ఉంది. మొత్తం పెట్టుబడి 3 లక్షలు. – ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: ముందు షార్ట్ సంగతి తేల్చేద్దాం, వద్దు. క్యాష్ మార్కెట్‌లో మన దగ్గర లేని షేరు ఈ రోజు అమ్మితే ఈ రోజే తిరిగి కొనాలి, రేపటిదాకా ఉంచుకునే వీలు లేదు. షూటింగ్ స్టార్ మీరు చూసింది రోజు చార్ట్‌లో. దాని ప్రభావం కనిపించడానికి కొన్ని రోజులు పట్టొచ్చు. పోనీ ఫ్యూచర్స్ అంటే, చాలా షేర్లలో ఒక్క లాట్ విలువే 5 లక్షల పైమాట. మీ 3 లక్షలకు అది తగదు.

ఇక క్యాండిల్. నిన్నటి మొత్తం కదలిక 490 నుంచి 511 దాకా, అంటే 21 రూపాయలు. అందులో మొదలైన ధరకీ ముగిసిన ధరకీ మధ్య ఉండే బాడీ ఒక్క రూపాయి, బాడీ పైనుంచి గరిష్ఠం దాకా ఉండే పై విక్ 18. షూటింగ్ స్టార్ అనాలంటే పై విక్ బాడీకి కనీసం రెండింతలు ఉండాలంటారు, ఇక్కడ దానికి ఎన్నో రెట్లు ఉంది. ముగింపు 493 కాబట్టి బాడీ ఆకుపచ్చగానే ఉంటుంది. రంగును పెద్దగా పట్టించుకోకండి. చూడాల్సింది ఆ విక్ ఎక్కడ పడిందన్నది. 500 పైన మీలాంటి వాళ్లు బ్రేకౌట్ అని కొన్నారు. ముందు షార్ట్ చేసినవాళ్ల స్టాప్ లాస్‌లు కూడా అక్కడే తగిలి కొనుగోళ్లుగా మారి ఉంటాయి. ఆ కొనుగోళ్లన్నింటినీ మింగేసేంత సరుకు అమ్మేవాళ్ల దగ్గర ఉంది కాబట్టే ధర 500 కింద ముగిసింది. ఇప్పుడు 500–511 మధ్య కొన్నవాళ్లంతా నష్టంలో ఉన్నారు. ధర మళ్లీ అక్కడికి వస్తే ‘పెట్టిన డబ్బు వస్తే చాలు’ అని అమ్ముతారు. అందుకే ఒకసారి ఇలా తిరస్కరించిన లెవెల్ ఇంకాస్త గట్టిపడుతుంది. ఇదే విక్ 500కి దూరంగా, ఏ లెవెలూ లేని చోట పడి ఉంటే నేను పట్టించుకునేవాణ్ని కాను. చిన్న బాడీ, ఒకవైపు పొడవాటి విక్ ఉన్న ఇలాంటి క్యాండిల్‌ను పిన్ బార్ అన్నా కథ ఇదే. విక్ పైనుంటే అమ్మకం, కిందనుంటే కొనుగోలు గెలిచిందని అర్థం.

అయినా ఇంకా ఖాయం కాలేదు. రేపో ఎల్లుండో 490 కింద ముగిస్తే అప్పుడు ఖాయం, బయటికి వచ్చేయండి. 488లో అమ్మారనుకుంటే షేరుకు 18 చొప్పున 2,700 పోతుంది, ఛార్జీలు అదనం. 3 లక్షల్లో ఒక శాతం లోపే. గ్యాప్‌తో 480లో తెరుచుకుంటే నష్టం పెరుగుతుంది, ఆ రిస్క్ ఉంది. 511 పైన ముగిస్తే మాత్రం ఈ షూటింగ్ స్టార్ చెల్లదు, షేరు ఉంచుకోండి. ఈ రెండింటి మధ్య తిరుగుతున్నంతసేపు కొత్తగా కొని సగటు తగ్గించే పని మాత్రం పెట్టుకోకండి.

పోయిన నెల క్యాండిల్ బాగా పడిపోయాక అడుగున వచ్చి ఉంటే అది ఇన్వర్టెడ్ హ్యామర్. ఆకారం అదే, అర్థం తిరగబడుతుంది. కానీ నిజం చెప్పాలంటే అది బలహీనమైన సంకేతం. ఆ రోజు కూడా పై నుంచి తోసేసింది అమ్మేవాళ్లే కదా! కొనేవాళ్లు తల ఎత్తే ప్రయత్నం చేశారన్నంత వరకే అది చెబుతుంది. కాబట్టి మరుసటి రోజు దాని గరిష్ఠం పైన ముగిసిందా అని చూడాల్సిందే. ఉదాహరణకు 340 సపోర్ట్ దగ్గర 339 కనిష్ఠం, 356 గరిష్ఠంతో అలాంటి క్యాండిల్ వచ్చిందనుకోండి. మరుసటి రోజు 357లో ముగిస్తే అక్కడ కొని, స్టాప్ 338లో పెడితే షేరుకు రిస్క్ 19. ఒక శాతం, అంటే 3,000 మించి పోకూడదనుకుంటే 157 షేర్లకు మించి కొనకూడదు. విక్ ఎంత పొడవైతే స్టాప్ అంత దూరం, షేర్లు అంత తక్కువ.

ఇంకో మాట. మధ్యాహ్నం రెండింటికి కనిపించిన విక్‌ను నమ్మకండి. మూడున్నరకి మార్కెట్ ముగిసేసరికి అది నిండు బాడీగా మారిపోవచ్చు. రోజుకు కొన్ని వందల షేర్లు కూడా చేతులు మారని చిన్న కంపెనీల్లో ఎవరో ఒకరు పెట్టిన ఒక్క ఆర్డరే పొడవాటి విక్ గీసేస్తుంది. మీ షేరులో నిన్నటి వాల్యూమ్‌ను అంతకు ముందు నెల రోజుల సగటుతో పోల్చండి. సగటు కన్నా బాగా తక్కువైతే 490 కింద ముగింపు వచ్చేదాకా ఆ విక్‌కు అంత విలువ ఇవ్వకండి.